ప్యాకింగ్, రవాణా, రాయల్టీ, పరిశోధన: ప్రత్యక్ష వ్యయమా, ఓవర్‌హెడ్డా?

కాస్ట్ షీట్ తయారు చేసేటప్పుడు ముడిసరుకు దగ్గరా కూలి దగ్గరా పెద్దగా పేచీ రాదు. పేచీ వచ్చేది ప్యాకింగ్, రవాణా, రాయల్టీ, పరిశోధన అనే ఈ నాలుగు పద్దుల దగ్గరే. కారణం ఒక్కటే. ఈ నాలుగింటిలో దేనికీ పేరును బట్టి స్థానం లేదు. ఒకే ప్యాకింగ్ ఖర్చు ఒకచోట ముడిసరుకుతో సమానం, మరోచోట పంపిణీ ఖర్చు. ఒకే రాయల్టీ ఒక ఒప్పందంలో ప్రత్యక్ష వ్యయం, ఇంకో ఒప్పందంలో అమ్మకపు ఓవర్‌హెడ్. అయినా చాలా కార్యాలయాల్లో ఖాతా పేరు చూసి ఒక గడిలో వేసేసి, ఏళ్ల తరబడి అలాగే కొనసాగిస్తారు.

నేను రెండు ప్రశ్నలు అడిగి తేల్చుకోమంటాను. ఈ ఖర్చు పుట్టడానికి కారణమైన పని ఏది: కొనడమా, తయారు చేయడమా, అమ్మడమా? ఇది మొదటిది. ఎవరికెంత అని పంచే పని లేకుండా ఈ మొత్తాన్ని ఒక ఉత్పత్తి మీదో, ఒక ఆర్డరు మీదో చూపించగలమా? ఇది రెండోది. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు, ఆ ఖర్చు ముగింపు సరుకు విలువలోకి వెళుతుందా లేదా అన్నది తేలుస్తుంది. రెండో జవాబు, అది ప్రత్యక్షమా ఓవర్‌హెడ్డా అన్నది చెబుతుంది. ఈ రెండు నిర్ణయాలనూ కలిపి ఒక్కటిగా చూడటం వల్లే సగం తప్పులు జరుగుతున్నాయి.

విషయం స్పష్టంగా కనిపించడానికి ఒక ఉదాహరణ కల్పించుకుందాం. ఒక మందుల కర్మాగారంలో రెండు ద్రవ ఔషధాలు తయారవుతాయి. ఒకటి దగ్గు సిరప్. దీని ఫార్ములా వేరే సంస్థది కాబట్టి రాయల్టీ కట్టాలి. రెండోది యాంటాసిడ్, దీని ఫార్ములా సొంతం. ఒక నెలలో సిరప్ 40,000 సీసాలు తయారై 30,000 అమ్ముడయ్యాయి. యాంటాసిడ్ 60,000 సీసాలు తయారై అన్నీ అమ్ముడయ్యాయి. అంటే నెలాఖరుకు గోదాములో మిగిలింది 10,000 సిరప్ సీసాలు.

రాయల్టీ: ఒప్పందంలోని ఒక్క వాక్యం

నాలుగింటిలో ముందు రాయల్టీని చూడాలి. ఎందుకంటే ఇక్కడ జవాబు ఒప్పంద పత్రంలోనే రాసి ఉంటుంది. "తయారైన ప్రతి సీసాకు 3 రూపాయలు" అని ఉంటే, సీసా తయారైన క్షణంలోనే బాకీ పుడుతుంది. ఏ ఉత్పత్తికి చెందిందో కూడా సందేహం లేదు. కనుక అది ప్రత్యక్ష వ్యయం, ప్రైమ్ కాస్ట్‌లో భాగం. మన ఉదాహరణలో 40,000 సీసాలకు 1,20,000 రూపాయలు. అందులో అమ్ముడుపోని 10,000 సీసాలకు చెందిన 30,000 రూపాయలు ముగింపు సరుకు విలువలో ఉండటం న్యాయం.

అదే ఒప్పందంలో "అమ్మిన ప్రతి సీసాకు 3 రూపాయలు" అని ఉంటే పరిస్థితి మారిపోతుంది. బాకీ 90,000 మాత్రమే. గోదాములో ఉన్న సీసాల మీద ఇంకా ఏ బాకీ లేదు. వ్యయ గణన ఆనవాయితీలో ఇది అమ్మకపు ఓవర్‌హెడ్ కిందికి వెళుతుంది. దీన్ని పొరపాటున ఉత్పత్తి వ్యయంలో కలిపితే ఏమవుతుందో చూడండి. 90,000ను 40,000 సీసాలతో భాగిస్తే సీసాకు 2.25 వస్తుంది. గోదాములోని 10,000 సీసాల మీద 22,500 రూపాయలు సరుకు విలువగా నిలిచిపోతాయి. ఆ నెల లాభం సరిగ్గా అంత మేరకు ఎక్కువగా కనిపిస్తుంది. వచ్చే నెల నిల్వ తగ్గగానే అదే మొత్తం ఎదురు తిరుగుతుంది. నిల్వలు పెరిగిన నెలల్లో లాభం ఉబ్బడం, తగ్గిన నెలల్లో కుంగడం కనిపిస్తుంటే, అమ్మకానికి సంబంధించిన ఖర్చు ఏదో ఉత్పత్తి వ్యయంలోకి జారుకుందేమో వెతకాలి.

కనీస రాయల్టీ ఉన్న ఒప్పందాలు ఇంకొంచెం జాగ్రత్త కోరతాయి. ఉత్పత్తి ఎంత తగ్గినా నెలకు 1,50,000 కట్టాల్సిందే అన్న షరతు ఉందనుకుందాం. తయారీ లెక్కన అయింది 1,20,000. మిగతా 30,000 షార్ట్‌వర్కింగ్స్. తర్వాతి కాలంలో ఉత్పత్తి పెరిగినప్పుడు ఈ లోటును రాబట్టుకునే హక్కు ఒప్పందంలో ఉండి, ఆ గడువులోగా ఉత్పత్తి పెరిగే అవకాశం నిజంగా ఉంటే, దాన్ని రావలసిన మొత్తంగా ఉంచవచ్చు. హక్కు లేకపోతే అది నష్టమే. చాలామంది మొత్తం 1,50,000ను 40,000తో భాగించి సీసాకు 3.75 అని రాసుకుంటారు. నేను ఒప్పుకోను. సీసాకు పడే రాయల్టీ 3 రూపాయలే. మిగతా 30,000 సామర్థ్యం వాడుకోనందుకు చెల్లించిన మూల్యం. ఉత్పత్తి అసాధారణంగా పడిపోయినందువల్ల వచ్చినదైతే దాని చోటు కాస్టింగ్ లాభనష్టాల ఖాతా. సీసా ధరలోకి దాన్ని ఎక్కిస్తే, ఉత్పత్తి తగ్గిన నెలలో వ్యయం పెరిగినట్టు కనిపించి, దాన్ని చూసి ధర పెంచి, అమ్మకాలు ఇంకా తగ్గించుకునే ప్రమాదం ఉంది.

సాంకేతిక పరిజ్ఞానం కోసం ఒకేసారి పెద్ద మొత్తం చెల్లించినప్పుడు మరో గందరగోళం మొదలవుతుంది. "ఉత్పత్తి పెరిగినా తగ్గినా ఇది మారదు కదా, కాబట్టి ఓవర్‌హెడ్" అని వాదిస్తారు. ప్రత్యక్షం అంటే మారే వ్యయం అని, ఓవర్‌హెడ్ అంటే స్థిర వ్యయం అని అనుకోవడం వల్ల వచ్చే పొరపాటు ఇది. అయిదేళ్ల హక్కు కోసం కట్టిన 12,00,000 స్థిర మొత్తమే కావచ్చు. కాని అది సిరప్ కోసమే కట్టినది, యాంటాసిడ్‌కు అందులో భాగం లేదు. అయిదేళ్లకు సమానంగా పంచితే నెలకు 20,000. ఆ 20,000 సిరప్‌కు చెందిన ప్రత్యక్ష స్థిర వ్యయం. హక్కు కాలానికి కాక ఇన్ని సీసాలకు అని పరిమితమైతే, సీసాల లెక్కన పంచాలి.

రవాణా: ఎటు వెళ్లింది, ఎందుకు వెళ్లింది

కొనుగోళ్ల మీద రవాణా ముడిసరుకు వ్యయంలో భాగం. నిల్వల విలువకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 2 కూడా కొనుగోలు వ్యయంలో రవాణా, ఎత్తుదింపుల ఖర్చులను చేరుస్తుంది. తయారైన సరుకును కొనుగోలుదారుకు పంపే రవాణా పంపిణీ ఓవర్‌హెడ్, సరుకు విలువలో చేరదు. ఇంతవరకు పాఠ్యపుస్తకం చెప్పేదే. అసలు ఎంపిక మొదలయ్యేది కొనుగోలు రవాణాను ముడిసరుకు ధరకు కలపాలా, లేక ఒక మొత్తంగా ఉత్పత్తి ఓవర్‌హెడ్‌లో పెట్టి పంచాలా అన్నచోట.

మన కర్మాగారానికి ఆ నెల కొనుగోలు రవాణా 60,000 అయిందనుకుందాం. అందులో 40,000 సిరప్‌కు మాత్రమే వాడే ఒక మూలద్రవ్యాన్ని శీతల వాహనంలో తెప్పించినందుకు. మిగతా 20,000 చక్కెర, సీసాలు, ఇతర సామగ్రి కలిసి వచ్చిన లారీలకు. ఈ 60,000ను, 1,20,000 తయారీ రాయల్టీని కలిపి ఓవర్‌హెడ్‌లో వేసి లక్ష సీసాలకు సమానంగా పంచితే సీసాకు 1.80 పడుతుంది, రెండు మందులకూ ఒకటే. ఇప్పుడు నేరుగా చూపించగలిగినవి నేరుగా చూపిద్దాం. సిరప్‌కు రాయల్టీ 3 రూపాయలు, శీతల రవాణా 1 రూపాయి, కలిసి వచ్చిన లారీల్లో వాటా 20 పైసలు, మొత్తం 4.20. యాంటాసిడ్‌కు 20 పైసలు మాత్రమే.

ఓవర్‌హెడ్ పద్ధతిలో సిరప్ వ్యయం 2.40 తక్కువగా, యాంటాసిడ్ వ్యయం 1.60 ఎక్కువగా కనిపించింది. మొత్తం ఖర్చు ఒక్క రూపాయి కూడా మారలేదు, ఆర్థిక ఖాతాలతో సరిపోల్చినా తేడా బయటపడదు. అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. సీసాకు రెండు రూపాయల లాభం చూసుకుని సిరప్ టెండరు వేసినవారికి నిజానికి చేతి సొమ్ము పోతూ ఉంటుంది. పోటీదారుల ధర చూసి యాంటాసిడ్‌ను ఆపేయాలన్న ఆలోచన కూడా ఇలాగే పుడుతుంది.

కొనుగోలు విభాగం నిర్ణయాలనూ ఇది దెబ్బతీస్తుంది. ఒక సరఫరాదారు కిలోకు 50 రూపాయలు, రవాణా కొన్నవారిదే అంటాడు. ఇంకొకరు గేటు దగ్గరికి చేర్చి 52 అంటాడు. కిలోకు రవాణా 3 రూపాయలైతే రెండోవాడే చవక. కాని రవాణా ఓవర్‌హెడ్‌లోకి వెళ్లిపోతుంటే స్టోర్స్ లెడ్జరులో కనిపించేది 50, 52 మాత్రమే. కొనుగోలు అధికారి మొదటివాడినే ఎంచుకుంటాడు, అతని తప్పు లేదు. కాబట్టి రవాణా మొత్తం చెప్పుకోదగినంత ఉన్నా, సరుకును బట్టి బాగా మారుతున్నా, కష్టమైనా సరే ముడిసరుకు ధరకే కలపమని నా సలహా.

కలిసి వచ్చిన లారీ కిరాయిని ఎలా విభజించాలి? లారీవాడు దేన్ని బట్టి కిరాయి అడిగాడో దాన్ని బట్టి. బరువు లెక్కన అడిగితే బరువు, ఖాళీ సీసాల్లాగా చోటు ఆక్రమించే సరుకైతే ఘనపరిమాణం. సరుకు విలువను బట్టి పంచడం బీమాకు సరిపోతుంది కాని కిరాయికి సరిపోదు. విలువైన కొద్దిపాటి రసాయనం మీద లారీ కిరాయి అంతా పడిపోతుంది. ఇక పదుల రకాల చిల్లర సామగ్రికి అయ్యే చిన్న చిన్న కిరాయిలను మాత్రం విడదీసే శ్రమ దండగ, వాటిని ఓవర్‌హెడ్‌లోనే ఉంచవచ్చు. ఆ హద్దు ఎంతో ముందే రాసిపెట్టుకుని ప్రతి నెలా దానికే కట్టుబడాలి. సరఫరాదారు ధరలోనే రవాణా కలిసి ఉన్నప్పుడు మళ్లీ అంచనా రేటు వేసి రెండుసార్లు లెక్కించకుండా చూసుకోవడం కూడా అవసరం.

నాలుగు రకాల రవాణాలు ఈ రెండు గడుల్లోనూ ఇమడవు. కొత్త యంత్రాన్ని తెచ్చిన కిరాయి యంత్రం ఖరీదులో చేరుతుంది. ఒక యూనిట్ నుంచి మరో యూనిట్‌కు తదుపరి తయారీ దశ కోసం పంపితే అది ఉత్పత్తి వ్యయమే, పంపిణీ కాదు. ముడిసరుకు అయిపోయి విమానంలో హడావుడిగా తెప్పించినప్పుడు, మామూలు కిరాయికి మించిన మొత్తం అసాధారణ నష్టం. దాన్ని ఆ బ్యాచ్ మీద వేస్తే తప్పు చేసిన ప్రణాళిక విభాగం తప్పించుకుంటుంది, బ్యాచ్ వ్యయం పాడవుతుంది. అదే విమాన రవాణా కొనుగోలుదారు కోరిక మీద జరిగితే, ఆ ఆర్డరుకు నేరుగా వేయాలి, బిల్లులోనూ రాబట్టాలి. పంపిణీ ఖర్చయినా ఒక ఆర్డరుకు నేరుగా చెందవచ్చు అనడానికి ఇదే నిదర్శనం. ఆర్డరు లాభం తెలుసుకోవడానికి దాన్ని ప్రత్యక్షంగా చూపిస్తాం, సరుకు విలువలో మాత్రం చేర్చం.

ప్యాకింగ్: గోదాములో ఎలా కూర్చుంది

సిరప్‌ను సీసా లేకుండా అమ్మలేం. సీసా, మూత, లేబుల్ ప్రాథమిక ప్యాకింగ్. ఇవి ప్రత్యక్ష సామగ్రే. దూరప్రయాణం కోసం వాడే అట్టపెట్టె, టేపు, పట్టీలు ద్వితీయ ప్యాకింగ్. అవి పంపిణీ ఓవర్‌హెడ్. సమస్య ఈ రెండింటి నడుమ ఉన్న చిన్న అట్ట డబ్బాది. ఒక్కో సీసాను పెట్టే ఆ డబ్బాలో కొలత కప్పు, వాడే విధానం రాసిన కాగితం ఉంటాయి. అవి లేకుండా మందును కొనుగోలుదారు చేతికి ఇవ్వలేని పరిస్థితి ఉంటే ఆ డబ్బా ప్రాథమికమే. పండుగ కానుకగా కనిపించాలని పైన చుట్టిన మెరుపు కాగితం అమ్మకపు ఖర్చే.

సందేహం తీరనప్పుడు నేను స్టోర్స్ రికార్డుల వైపు చూడమంటాను. ఆ సామగ్రి వాడకం ఉత్పత్తి సంఖ్యతో కదులుతోందా, రవానా సంఖ్యతో కదులుతోందా? మన ఉదాహరణలో సీసాలు లక్ష ఖర్చయ్యాయి, ఉత్పత్తితో సరిపోయాయి. పెద్ద అట్టపెట్టెలు 90,000 సీసాలకు సరిపడా మాత్రమే ఖర్చయ్యాయి, అంటే రవానాతో సరిపోయాయి. ఖర్చు ఏ పని వల్ల పుట్టిందో ఇండెంట్ స్లిప్పులే చెప్పేశాయి. అయితే ఇది సూచన మాత్రమే. కొన్ని చోట్ల తయారీ లైను చివరే అట్టపెట్టెల్లో సర్దేసి గోదాముకు పంపుతారు. అక్కడ పెట్టెల వాడకం కూడా ఉత్పత్తితోనే కదులుతుంది. అయినంత మాత్రాన అది ప్రాథమికం కాదు, పెట్టె ఉన్న ప్రయోజనం రవాణాయే కాబట్టి.

తిరిగి వచ్చే క్రేట్లకు ఖరీదు మొత్తాన్ని మొదటి ప్రయాణం మీదే వేయకూడదు. 600 రూపాయల క్రేటు 40 సార్లు తిరుగుతుందని అనుభవం చెబితే ప్రయాణానికి 15 రూపాయలు. తిరిగి రాని క్రేట్లు మామూలు శాతంలో ఉంటే ఆ అంచనాలోనే కలుపుకోవాలి, కొనుగోలుదారు డిపాజిట్ జప్తు అయితే ఆ మేరకు తగ్గించాలి.

పరిశోధన: ఇక్కడ మూడో దారి ఉంది

మిగతా మూడింటికీ ప్రత్యక్షమా ఓవర్‌హెడ్డా అన్న ప్రశ్న సరిపోతుంది. పరిశోధనకు సరిపోదు. చాలా సందర్భాల్లో సరైన జవాబు రెండూ కాదు, ఉత్పత్తి వ్యయంలో అసలు చేర్చకపోవడం. ఈ నెల తయారైన సీసాలకూ, మూడేళ్ల తర్వాత రావచ్చనో రాకపోవచ్చనో అనుకునే మందు మీద జరిగే పరిశోధనకూ ఏ సంబంధమూ లేదు. దాన్ని ఉత్పత్తి ఓవర్‌హెడ్‌లో కలిపితే నేటి కొనుగోలుదారు మీద రేపటి సరుకు భారం పడుతుంది, గోదాములోని సీసాల విలువ కూడా కారణం లేకుండా పెరుగుతుంది. సాధారణ పరిశోధనను ఆ కాలపు ఖర్చుగా విడిగా చూపించడమే మేలు.

ఒక కొనుగోలుదారు తన కోసం చక్కెర లేని సిరప్ రూపొందించమని ఆర్డరు ఇస్తే, ఆ ప్రయోగాల ఖర్చు ఆ ఆర్డరుకు ప్రత్యక్ష వ్యయం. నిర్దిష్ట కొనుగోలుదారు కోసం చేసే రూపకల్పన ఖర్చును సరుకు విలువలో చేర్చడానికి ఐఏఎస్ 2 కూడా వీలిస్తుంది. మన సొంత యాంటాసిడ్ కొత్త రూపం కోసం చేసిన అభివృద్ధి ఖర్చు యాంటాసిడ్‌కే చెందుతుంది. కాని ఒక్క నెల సీసాల మీద కాదు. కంటికి కనిపించని ఆస్తులకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 38 ప్రకారం పరిశోధన దశలోని ఖర్చు వెంటనే ఖర్చుగా పోతుంది. అభివృద్ధి దశ ఖర్చును మాత్రం సాంకేతికంగా పూర్తి చేయగలమని, వాడుకునే లేదా అమ్మే ఉద్దేశం, వనరులు ఉన్నాయని, ప్రయోజనం వస్తుందని, ఖర్చును నమ్మకంగా కొలవగలమని చూపినప్పుడు ఆస్తిగా ఉంచి, వాడకానికి సిద్ధమైనప్పటి నుంచి క్రమంగా రద్దు చేయాలి. అలా రద్దయ్యే మొత్తం యాంటాసిడ్ మీదే పడాలి, సిరప్‌కు పంచకూడదు. విఫలమైన ప్రయోగాన్ని విజయవంతమైన మందు మీద రుద్దకుండా కాస్టింగ్ లాభనష్టాల ఖాతాలో తేల్చేయాలి.

ఆచరణలో పెద్ద చిక్కు ప్రయోగశాల ఒక్కటే కావడం. పొద్దున ఒక రసాయన నిపుణుడు రోజువారీ బ్యాచ్‌ల నాణ్యత పరీక్షిస్తాడు, మధ్యాహ్నం కొత్త ఫార్ములా మీద కూర్చుంటాడు. మొదటిది నాణ్యతా నియంత్రణ, ఉత్పత్తి ఓవర్‌హెడ్. రెండోది పరిశోధన. వేతనం మాత్రం ఒకే చెక్కు. పని వేళల పట్టిక ప్రాజెక్టు సంఖ్యతో సహా రాయిస్తే తప్ప ఈ రెంటినీ విడదీయలేం. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాసే పట్టిక పనికిరాదు, అందులో అంకెలన్నీ గుండ్రంగా 50, 50గా వస్తాయి. రసాయనాల ఇండెంట్‌లోనూ అదే ప్రాజెక్టు సంఖ్య ఉండాలి. ప్రయోగాత్మక బ్యాచ్ అమ్మితే వచ్చిన సొమ్మును ఆ ప్రాజెక్టు ఖర్చు నుంచి తగ్గించాలి.

కోడ్ ఎలా పెట్టుకోవాలి

వీటన్నిటికీ ఒక్క ఖాతా సంఖ్య చాలదు. ప్రతి ఓచరు మీద మూడు విషయాలు పడేలా కోడ్ ఏర్పాటు చేయమంటాను: ఖర్చు స్వభావం, అది పుట్టిన పని, నేరుగా చెందే ఉత్పత్తి లేదా ఆర్డరు. మూడోది తెలియకపోతే ఖాళీగా ఉంచాలి, ఊహించి నింపకూడదు. ఖాళీగా ఉన్నవన్నీ కలిసి ఓవర్‌హెడ్ అవుతాయి. నెలకోసారి మూడు సరిచూపులు చాలు. రాయల్టీ స్టేట్‌మెంట్‌లోని సీసాల సంఖ్య ఉత్పత్తి రిజిస్టరుతోనో అమ్మకాల రిజిస్టరుతోనో, ఒప్పందాన్ని బట్టి, కలవాలి. ప్రాథమిక ప్యాకింగ్ వాడకం, మామూలు తరుగు పోను, ఉత్పత్తితో కలవాలి. కొనుగోళ్లు ఎక్కువైన నెలలో ఉత్పత్తి ఓవర్‌హెడ్ రేటు ఒక్కసారిగా ఎగిరితే, కొనుగోలు రవాణా అందులో దాక్కుని ఉందని అర్థం.

పాత పద్ధతి మార్చదలిస్తే సంవత్సరం మొదటి రోజు నుంచి మార్చండి. ప్రారంభ సరుకు విలువను కొత్త పద్ధతిలో మరోసారి లెక్కించి, తేడాను విడిగా చూపించండి. లేకపోతే మొదటి నెల కాస్ట్ షీట్‌లో పాత పద్ధతి సీసాలూ కొత్త పద్ధతి సీసాలూ కలిసిపోయి, లాభంలో ఎంత మార్పు వ్యాపారానిదో, ఎంత లెక్కదో ఎవరూ చెప్పలేరు.